స్లాబు దాటితే ఏమవుతుంది? ఒక్క వరుస ఫార్ములా చెప్పే పన్ను లెక్క

జనవరి, ఫిబ్రవరి నెలలు వచ్చాయంటే చాలు, మన రెండు రాష్ట్రాల్లో స్టాఫ్‌రూముల నుంచి ట్రెజరీ ఆఫీసుల దాకా ఒకటే మాట: ఐటీ షీటు. ఎక్సెల్‌లో ఎవరో ఓపికగా తయారుచేసిన ఫైలు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతుంది. బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ నింపితే కింద పన్ను వచ్చేస్తుంది. ప్రింటు తీసి, సంతకం పెట్టి డీడీఓకి ఇచ్చేస్తాం. ఆ పన్ను ఎలా వచ్చిందో చూద్దామంటే ఆ గడికి తాళం వేసి ఉంటుంది, లేదా అందులో నాలుగు వరుసల పొడవున IFల గొలుసు ఉంటుంది.

అదే సమయంలో పక్క బల్ల దగ్గర ఇంకో మాట వినిపిస్తుంది. "సార్, ఈ డీఏ అరియర్స్ ఇప్పుడొస్తే పై స్లాబులో పడిపోతానేమో. వచ్చిందంతా పన్నుకే పోతుందంటున్నారు, నిజమేనా?" ఈ ప్రశ్నకు జవాబు ఆ తాళం వేసిన గడిలోనే ఉంది. ఆ గడిలో ఉండాల్సిన ఫార్ములా నిజానికి ఒక్క వరుసే. అది ఎందుకు అలా ఉంటుందో అర్థమైతే, స్లాబు దాటితే భయపడాల్సింది ఎక్కడో, అక్కర్లేనిది ఎక్కడో కూడా తేలిపోతుంది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో స్లాబులు ఇవి. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆపైన 30 శాతం. జీతగాళ్లకు ముందుగా 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ పోతుంది. అంటే ఏడాదికి 18,75,000 జీతం ఉన్నవారికి పన్ను లెక్కలోకి వచ్చేది 18 లక్షలు. ఈ 18 లక్షలనే చివరిదాకా పట్టుకుని నడుద్దాం.

చాలామంది మొదట చేసే పని, 18 లక్షలు ఏ స్లాబులో ఉందో వెతికి, అక్కడున్న 20 శాతంతో మొత్తాన్ని గుణించడం. VLOOKUP నేర్చుకున్న ఉత్సాహంలో రాసే ఫార్ములా కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. జవాబు 3,60,000 వస్తుంది. ఇది తప్పు. 20 శాతం పడేది 16 లక్షల పైనున్న 2 లక్షల మీద మాత్రమే. కింది భాగాలకు వాటి వాటి రేట్లే. 4 నుంచి 8 దాకా 20,000, 8 నుంచి 12 దాకా 40,000, 12 నుంచి 16 దాకా 60,000, మిగిలిన 2 లక్షల మీద 40,000. మొత్తం 1,60,000. VLOOKUP చెప్పినదాంట్లో సగానికంటే తక్కువ.

చేత్తో వేసుకోవడానికి ఈ ముక్కల పద్ధతి బాగానే ఉంటుంది. కానీ ఎక్సెల్‌కు చెప్పాలంటే చిక్కు. ప్రతి ముక్కకూ "ఆదాయం ఇక్కడిదాకా వచ్చిందా, వస్తే మొత్తం నిండిందా, సగమే నిండిందా" అని మూడు ప్రశ్నలు వేయాలి. ఏడు స్లాబులకు అవి పేరుకుపోయే IFల గొలుసు అవుతాయి. బడ్జెట్‌లో ఒక్క హద్దు మారినా గొలుసంతా విప్పి మళ్లీ అల్లాలి.

ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చూడొచ్చు. ముక్కలుగా కోయకుండా, పొరలుగా పరుద్దాం. 4 లక్షల హద్దు దాటిన ప్రతి రూపాయి మీదా 5 శాతం వేయండి, అది ఎంత పైదాకా వెళ్లినా సరే. 8 లక్షలు దాటిన రూపాయిల మీద ఆ 5 ఎలాగూ పడుతోంది కాబట్టి, 10 కావడానికి ఇంకో 5 చేరిస్తే చాలు. 12 లక్షలు దాటినవాటికి మరో 5 చేరిస్తే 15. ఇలా ప్రతి హద్దు దగ్గరా కొత్తగా చేరేది పూర్తి రేటు కాదు, ముందు రేటుకూ ఈ రేటుకూ ఉన్న తేడా మాత్రమే.

18 లక్షలకు వేసి చూద్దాం. 4 లక్షల పైన ఉన్నది 14 లక్షలు, దాని మీద 5 శాతం 70,000. 8 లక్షల పైన ఉన్నది 10 లక్షలు, 50,000. 12 పైన 6 లక్షలు, 30,000. 16 పైన 2 లక్షలు, 10,000. కూడితే 1,60,000. ముక్కల లెక్కలో వచ్చిందే వచ్చింది. ఇందులో ఏ పొరా "నిండిందా, సగమేనా" అని అడగదు. అడిగేది ఒక్కటే ప్రశ్న: ఆదాయం ఈ హద్దు దాటిందా లేదా?

ఇక షీటు తెరుద్దాం. A నిలువు వరుసలో A2 నుంచి A8 దాకా హద్దులు: 0, 400000, 800000, 1200000, 1600000, 2000000, 2400000. పక్కన B2 నుంచి B8 దాకా రేట్లు: 0%, 5%, 10%, 15%, 20%, 25%, 30%. C నిలువు వరుస తేడాలది. దాన్ని చేత్తో టైపు చేయకండి, ఫార్ములాతోనే రప్పించండి. C2లో `=B2` అని, C3లో `=B3-B2` అని రాసి C8 దాకా కిందికి లాగితే సరిపోతుంది. జీతం E1లో పెట్టండి. పన్ను వర్తించే ఆదాయం E2లో ఇలా వస్తుంది:

```
=ROUND(MAX(0,E1-75000),-1)
```

చివరి -1 ఎందుకంటే, చట్టం ప్రకారం ఆదాయాన్ని దగ్గరి పది రూపాయలకు సర్దాలి. స్లాబుల పన్ను E3లో:

```
=SUMPRODUCT((E2>A2:A8)*(E2-A2:A8)*C2:C8)
```

అంతే. ఏడు స్లాబులకూ ఇదొక్కటే. SUMPRODUCT చేసే పని పేరులోనే ఉంది. వరుసవారీగా గుణించి, వచ్చిన లబ్ధాలన్నీ కూడుతుంది. మొదటి బ్రాకెట్ ప్రతి హద్దునూ "దాటావా?" అని అడుగుతుంది. అవునంటే 1, కాదంటే 0. రెండోది ఆ హద్దు పైన ఎంత ఉందో చెబుతుంది. మూడోది అక్కడ కొత్తగా చేరే రేటు.

మొదటి బ్రాకెట్ అనవసరం అనిపించవచ్చు. తీసేసి చూడండి. 18 లక్షల ఆదాయానికి 20 లక్షల హద్దు దగ్గర తేడా మైనస్ 2 లక్షలు, 24 దగ్గర మైనస్ 6 లక్షలు. వాటి మీద 5 శాతం చొప్పున 10,000, 30,000 పన్నులోంచి తీసివేతకు వెళ్లిపోతాయి. జవాబు 1,20,000కి పడిపోతుంది. ఇంకా చేరుకోని స్లాబులు మన పన్ను తగ్గించేస్తాయన్నమాట. ఆ బ్రాకెట్ ఉన్నది వాటి నోరు మూయించడానికే.

అక్కడ > పెట్టాలా, >= పెట్టాలా అన్న సందేహం చాలామందిని పట్టుకుంటుంది. ఈ ఫార్ములాలో ఏది పెట్టినా ఒకటే. ఆదాయం సరిగ్గా హద్దు మీదే ఉంటే రెండో బ్రాకెట్‌లో సున్నా వస్తుంది, సున్నాను దేనితో గుణించినా సున్నాయే. IFల గొలుసులో ఈ చిన్న గుర్తు మీద ఎంత తలనొప్పి ఉంటుందో తెలిసినవారికి ఇది ఎంత హాయో తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త మాత్రం ఉంది. గుణకారం గుర్తుల బదులు కామాలు పెట్టి రాస్తే పన్ను సున్నా వస్తుంది. కామాలతో ఇచ్చినప్పుడు SUMPRODUCT "అవును, కాదు"లను అంకెలుగా తీసుకోదు, సున్నాలుగానే చూస్తుంది. గుణకారం గుర్తే వాటిని 1, 0గా మారుస్తుంది.

తప్పులు ఎక్కువగా వచ్చేది ఫార్ములాలో కాదు, పట్టికలో. మొదటిది, C వరుస బదులు B వరుస వాడటం. పూర్తి రేట్లే పొరలుగా పడతాయి. 18 లక్షలకు 70,000, 1,00,000, 90,000, 40,000 కలిసి 3,00,000 అవుతుంది. దీన్ని కనిపెట్టడానికి మంచి ఉపాయం ఒకటుంది. ఆదాయాన్ని వంద రూపాయలు పెంచి పన్ను ఎంత పెరిగిందో చూడండి. 18 లక్షల దగ్గర 20 రూపాయలు పెరగాలి. 50 పెరిగిందంటే 5, 10, 15, 20 అన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయని అర్థం.

రెండోది కంటికి దొరకనిది. వెబ్ పేజీ నుంచో, పీడీఎఫ్ నుంచో హద్దులు కాపీ చేసి అతికించినప్పుడు ఒక్కోసారి అంకె అంకెలా కాకుండా అక్షరాలుగా పడుతుంది. చూడ్డానికి 1200000 అనే ఉంటుంది. కానీ ఎక్సెల్ దృష్టిలో ఏ అంకె కంటే అయినా అక్షరాలు పెద్దవి. కాబట్టి "18 లక్షలు దీన్ని దాటిందా?" అంటే "లేదు" అంటుంది. ఆ పొర చప్పుడు లేకుండా మాయమై, పన్ను 1,30,000 అని చూపిస్తుంది. ఎర్రర్ రాదు, గడి ఎర్రబడదు. ముప్పై వేలు తక్కువ కోసినట్టు తెలిసేది రిటర్ను వేసేటప్పుడే. పక్కన ఒక ఖాళీ గడిలో `=COUNT(A2:A8)` రాసి పెట్టుకుంటే ఈ గండం ఉండదు. అది నిజమైన అంకెలనే లెక్కపెడుతుంది. 7 రాకపోతే ఎక్కడో అక్షరం దూరినట్టే.

వీటికి తోడు, హద్దుల దగ్గర రావాల్సిన పన్నులు ఒక చీటీ మీద రాసుకోవడం మంచిది. 8 లక్షలకు 20,000, 12కి 60,000, 16కి 1,20,000, 20కి 2,00,000, 24కి 3,00,000. ఈ ఐదూ సరిపోతే మధ్యలో ఉన్నవన్నీ సరిపోయినట్టే, ఎందుకంటే రెండు హద్దుల మధ్య పన్ను పెరిగేది తిన్నటి గీతలాగే.

ఇక ఆ అరియర్స్ ప్రశ్న. స్లాబుల వరకైతే జవాబు సూటిగా ఉంటుంది: పై స్లాబులోకి వెళ్లినందుకు కింది రూపాయిల మీద పన్ను పైసా కూడా పెరగదు. ఫార్ములాలో ప్రతి పొరా తన హద్దు పైనున్న దాన్నే ముట్టుకుంటుంది. కానీ స్లాబుల మీద రిబేటు అని ఇంకోటి ఉంది. 87ఎ రిబేటు కింద, కొత్త విధానంలో పన్ను వర్తించే ఆదాయం 12 లక్షలు మించకపోతే, స్లాబుల ప్రకారం వచ్చిన పన్ను, గరిష్ఠంగా 60,000, మొత్తం మాఫీ. 12 లక్షలకు స్లాబుల పన్ను సరిగ్గా 60,000 కాబట్టి కట్టాల్సింది సున్నా. జీతగాళ్లకు ఇదే 12,75,000 అన్న మాటగా జనం నోళ్లలో నానింది.

మరి పది రూపాయలు ఎక్కువైతే? రిబేటు పోతుంది, 60,000 ఒక్కసారిగా మీద పడుతుంది. ఇది అన్యాయం కాబట్టి చట్టం మార్జినల్ రిలీఫ్ ఇచ్చింది: 12 లక్షల పైన ఎంత ఉందో, పన్ను అంతకంటే మించకూడదు. దీన్ని E4లో ఇలా రాయొచ్చు:

```
=IF(E2<=1200000,0,MIN(E3,E2-1200000))
```

స్లాబుల పన్ను, 12 లక్షల పైనున్న మొత్తం, ఈ రెండింటిలో ఏది చిన్నదైతే అది. ఆదాయం 12,70,588 రూపాయలు దాటే దాకా రెండోదే చిన్నది. ఆ తర్వాత స్లాబుల పన్నే చిన్నదవుతుంది, రిలీఫ్ దానంతటదే తప్పుకుంటుంది. మన 18 లక్షల దగ్గర MIN తీసుకునేది 1,60,000నే. దాని మీద 4 శాతం సెస్సు కలిపి, దగ్గరి పదికి సర్దడానికి E5లో `=ROUND(E4*1.04,-1)`. జవాబు 1,66,400.

ఇక్కడొక సూక్ష్మం ఉంది, దీన్ని చాలా షీట్లు చూపించవు. రిలీఫ్ లెక్కించేది సెస్సుకు ముందు. ఒక హెడ్‌మాస్టరు గారి జీతం 12,75,000 దగ్గర ఉందనుకుందాం. అరియర్స్ 25,000 వచ్చి 13,00,000 అయింది. పన్ను వర్తించే ఆదాయం 12,25,000. స్లాబుల పన్ను 63,750, రిలీఫ్ దాన్ని 25,000కి తగ్గించింది. సెస్సు 1,000. మొత్తం 26,000. వచ్చిన పాతిక వేలూ పోయి, చేతి నుంచి ఇంకో వెయ్యి పడింది! అంటే పక్క బల్ల దగ్గర వినిపించిన భయం పూర్తిగా ఉత్తిది కాదు. అయితే అది స్లాబు దాటినందుకు కాదు, రిబేటు గీత దాటినందుకు. ఆ ఇరుకు కూడా చాలా చిన్నది. పన్ను వర్తించే ఆదాయం సుమారు 12,74,000 దాటాక చేతికి మిగిలేది మళ్లీ 12 లక్షల దగ్గర ఉన్నదానికంటే ఎక్కువే. ఆపైన ప్రతి వంద రూపాయలకూ, 16 లక్షలదాకా, సెస్సుతో కలిపి పోయేది 15 రూపాయల 60 పైసలు. మిగతాదంతా మీదే.

అరియర్స్ వచ్చినవారికి ఈ పట్టిక ఇంకో పనికీ వస్తుంది. ఆ బకాయిలు నిజానికి ఏ సంవత్సరాలవో ఆ సంవత్సరాల లెక్కలోకి తీసుకెళ్లి ఊరట పొందే వీలు ఫారం 10ఇతో ఉంది. దానికి పాత సంవత్సరాల పన్నును ఆనాటి స్లాబులతో మళ్లీ కట్టాలి. 2024-25లో కొత్త విధానం స్లాబులు వేరు: 3 లక్షలదాకా లేదు, 7దాకా 5, 10దాకా 10, 12దాకా 15, 15దాకా 20, ఆపైన 30. చివరి తేడా 5 కాదు, 10. ఇప్పటి పట్టికలో అన్ని తేడాలూ 5 కాబట్టి "C వరుస అంతా 5 శాతమే కదా" అని చేత్తో నింపేసినవారు ఇక్కడ దెబ్బతింటారు. 20 లక్షలకు రావాల్సింది 2,90,000 అయితే, వారికి 2,65,000 వస్తుంది. పాత విధానంలో ఇది ఇంకా ఘోరం. అక్కడ 2.5 నుంచి 5 లక్షలకు 5, 10దాకా 20, ఆపైన 30, అంటే తేడాలు 5, 15, 10. 9 లక్షలకు సరైన పన్ను 92,500, అన్నీ 5 అని పెట్టుకుంటే 52,500.

2024-25కి హద్దులు ఏడు కాదు, ఆరే. మిగిలిన ఎనిమిదో అడ్డు వరుసను ఖాళీగా వదిలేసి, C8లో తేడా ఫార్ములాను మాత్రం ఉంచేశారనుకోండి. ఖాళీ గడి అంటే ఎక్సెల్‌కు సున్నా. సున్నాలోంచి 30 తీసేస్తే మైనస్ 30 శాతం, హద్దు కూడా సున్నాయే కాబట్టి అది మొత్తం ఆదాయం మీద పడుతుంది. 20 లక్షలవారికి పన్ను మైనస్ 3,10,000 అని కనిపిస్తుంది. కనీసం ఈ తప్పు దాక్కోదు. C8ని కూడా తుడిచేస్తే ఆ వరుస అడ్డు రాదు. ఒక్కో సంవత్సరానికి ఒక్కో పట్టిక పెట్టుకుని ఫార్ములాను ఆ పట్టికకు చూపించడం నాకు నచ్చిన పద్ధతి. పాత విధానం ఎంచుకున్న అరవై నిండిన పెద్దలకైతే మొదటి హద్దు 3 లక్షలు, ఎనభై దాటితే 5 లక్షలు. మార్చాల్సింది పట్టికే. రిబేటు గడి మాత్రం పాత విధానానికి వేరుగా రాయాలి. అక్కడ 5 లక్షలదాకానే రిబేటు, మార్జినల్ రిలీఫ్ లేదు. 5 లక్షల మీద పది రూపాయలు ఎక్కువైతే సెస్సుతో కలిపి 13,000 కట్టాల్సిందే.

ఈ ఫార్ములా పరిధి దాటినవి రెండున్నాయి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మితే వచ్చిన లాభాలకు ప్రత్యేక రేట్లు ఉంటాయి. వాటిని E2లో కలపకూడదు. 2025-26 నుంచి కొత్త విధానంలో ఆ లాభాల మీది పన్నుకు రిబేటు కూడా లేదు కాబట్టి, 12 లక్షల లోపు ఉన్నామన్న ధీమాతో వాటిని వదిలేస్తే తర్వాత నోటీసు వస్తుంది.

రెండోది సర్‌ఛార్జి. ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మొత్తం మీద 10 శాతం అదనం. ఇది స్లాబులాంటిది కాదు, పొరలుగా పడదు, గీత దాటగానే ఒక్కసారిగా పడుతుంది. 50 లక్షలకు పన్ను 10,80,000 కాబట్టి ఆ దెబ్బ లక్షా ఎనిమిది వేలు. ఇక్కడ కూడా మార్జినల్ రిలీఫ్ ఉంది, దాన్ని పట్టేది మళ్లీ అదే MIN:

```
=MIN(E3*1.1,1080000+(E2-5000000))
```

51 లక్షలకు స్లాబుల పన్ను 11,10,000, సర్‌ఛార్జితో 12,21,000. MIN దాన్ని 11,80,000 దగ్గర ఆపుతుంది. ఈ వరుస 50 లక్షలు దాటినవారికి, అదీ కోటి వరకే పనికొస్తుంది. కోటి దాటితే 15 శాతం, రెండు కోట్లు దాటితే 25 శాతం. వాటికి ఆ హద్దు దగ్గరి పన్నునూ, సర్‌ఛార్జినీ కలిపి కొత్త MIN రాసుకోవాలి.